ఆర్‌ఎస్‌ఆర్ నకలుతో పాటు దాని అర్థం కూడా ఇప్పించండి

ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. నేను దస్తావేజులు రాసేవాణ్ని. ఈ మధ్య నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది దస్తావేజు కోసం రావడం లేదు, ఫోన్‌లో ఒక స్కాన్ చూపించి "దీనర్థం ఏంటండీ?" అని మాత్రం అడుగుతున్నారు. ఆ ఒక్క ప్రశ్న గురించే మీకు రాస్తున్నాను.

మొన్న ఒకావిడ తన తండ్రి పొలం తాలూకు ఆర్‌ఎస్‌ఆర్ నకలు తెచ్చింది. బ్రిటిష్ కాలంలో రీసెటిల్‌మెంట్ చేసినప్పుడు, అంటే భూమి శిస్తు మళ్లీ నిర్ణయించినప్పుడు, రాసిన రిజిస్టరు అది. అందులో ఆమె సర్వే నంబరు ఉన్న వరుసలో పట్టాదారు పేరు ఉండాల్సిన చోట పేరు లేదు, వరుసగా చుక్కలున్నాయి. అంతకుముందు ఆమె ఎవరినో అడిగితే "ఇది గవర్నమెంట్ భూమి, పోయినట్టే, కానీ ఖర్చు పెడితే చూద్దాం" అన్నాడట. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ నిద్రపోలేదని చెప్పింది. ఆమె అడిగింది చుక్కలంటే ఏంటని, అతను చెప్పింది బేరం.

నేను ముందు ఆ వరుసలో మిగతావి చదివి చెప్పాను. 3-40 అంటే మూడు ఎకరాల నలభై సెంట్లు. పక్కన 4-8-0 అని ఉంది, ఆమె దాన్ని తేదీ అనుకుంది, అది నాలుగు రూపాయల ఎనిమిది అణాల శిస్తు. ఇవి తెలిశాక ఆమె కాస్త కుదుటపడింది, ఎందుకంటే తన తండ్రి చెప్పే విస్తీర్ణం, ఈ కాగితంలోది ఒకటే.

తర్వాత చుక్కలు. ఆ రిజిస్టరు రాసే రోజున ఈ భూమి ఎవరిదో తేల్చి పేరు రాయలేదు, ఆ చుక్కలకు అంతవరకే అర్థం. భూమి ప్రభుత్వానిదని తేల్చి ఉంటే ఆ గడిలో పోరంబోకు అనో, అనాధీనం అనో మాట ఉండేది. కాబట్టి చుక్కలున్నంత మాత్రాన భూమి సర్కారుదని కాదు, అలాగని మీదేననీ కాదు. ఈ రెండో ముక్క చెప్పడం నాకు కష్టంగానే అనిపించింది, కానీ అది దాచి ధైర్యం చెబితే ఆమె రేపు ఇంకెక్కడో దెబ్బతింటుంది.

ఇక్కడే స్కాన్ సంగతి చెప్పాలి. పై పేరే మళ్లీ వస్తే పాత గుమస్తాలు డిటో గుర్తు పెట్టేవాళ్లు. నలుపు తెలుపు స్కాన్‌లో, అదీ వాట్సాప్‌లో రెండు చేతులు మారాక, డిటోకీ చుక్కలకీ తేడా తెలియదు. డిటో అయితే పై వరుసలో ఉన్న మనిషే పట్టాదారు, కథ పూర్తిగా మారిపోతుంది. పైగా ఆమె తెచ్చిన స్కాన్‌లో పై వరుస సగం కోసుకుపోయింది! అందుకని ముందు అసలు పేజీ మొత్తం కనిపించే ధ్రువీకరించిన నకలు తెచ్చుకోమన్నాను. తెచ్చింది. అవి చుక్కలే.

చుక్కల భూములు చాలా వరకు రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ నిషేధిత జాబితాలోకి వెళ్లాయి, అందుకే అమ్మకాలు ఆగాయి. ఈ ఇబ్బంది కోసమే 2017లో చుక్కల భూముల చట్టం వచ్చింది, 12 ఏళ్లకు పైగా అనుభవంలో ఉన్నట్టు కాగితాలు చూపితే పేరు ఎక్కించే దారి అందులో పెట్టారు. తన సర్వే నంబరు ఇప్పటికీ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవడం, పాత అడంగళ్లు, శిస్తు రసీదులు, లింకు దస్తావేజులు, భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ ఒక దగ్గర పెట్టుకోవడం ఆమె తర్వాతి పని. అది కూడా అడిగాకే చెప్పాను. ఆర్‌ఎస్‌ఆర్ పాత సంగతి చెబుతుంది, ఇప్పుడు పొలం ఎవరి చేతిలో ఉందో చెప్పదు. అది అడంగళ్లలో వెతకాలి.

మంత్రిగారూ, నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఆర్‌ఎస్‌ఆర్ నకలు ఇచ్చేటప్పుడు ఒక గడి ముక్క కాకుండా కాలమ్ పేర్లు, పై వరుసలు కనిపించేలా పేజీ మొత్తం, రంగుల్లో స్కాన్ చేసి ఇవ్వమని చెప్పండి. దాని వెనకే ఒక తెలుగు కాగితం జత చేయించండి. ఆ పేజీలో వాడిన గుర్తులకు అర్థం, అణాల లెక్క, ఈ కాగితం ఏది చెప్పదో ఒక వాక్యం, సర్వే నంబరు 22-ఎ జాబితాలో ఉందో లేదో ఆ తేదీకి ఉన్న స్థితి, ఇవి చాలు. కాగితం చేతికిచ్చే ఉద్యోగి రెండు నిమిషాలు చదివి వినిపిస్తే ఇంకా మేలు, ఎందుకంటే వచ్చేవాళ్లలో చదవడం రాని పెద్దవాళ్లే ఎక్కువ.

ఆ నమూనా కాగితం నేనొకటి రాసి ఉంచాను. మీ శాఖ వాళ్లు అడిగితే పంపిస్తాను, తప్పులుంటే దిద్దుకోవచ్చు.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి