సౌండ్‌బార్ అంటగట్టను, సెట్టింగ్ మార్చి ఇస్తాను

"అన్నా, మీ దగ్గర కొన్న టీవీల గేమ్ పెడితే బాంబుల సప్పుడే ఇనొస్తుంది, మాటలు ఇనొస్తలేవు. స్పీకర్లు డబ్బావి. టీవీ మార్చియ్యరాదు?"

స్పీకర్లు డబ్బావి కావు తమ్ముడూ. ముందుగా ఆ మాట చెప్పుకోకపోతే నాకు అన్నం సహించదు. నల్గొండలో గడియారం దగ్గర ఇన్నేళ్లుగా టీవీలు అమ్ముతున్న మనిషిని పట్టుకొని వాట్సాప్ గ్రూపులో "డూప్లికేట్ మాల్" అని రాశారు. రాసినవాళ్లలో మా దుకాణంలో చాయ్ తాగి వెళ్లినవాళ్లూ ఉన్నారు. సరే, ఆ లొల్లి పక్కన పెడతాను. ఈ 43 ఇంచుల మోడల్ కొని ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ తగిలించుకున్న మా పాత గిరాకీలందరికీ అసలు సంగతి తెలియాలి, అందుకే ఇంత రాస్తున్నాను.

మొదట ఒక ఇంట్లో చూసింది చెబుతాను. పానగల్ వైపు ఉండే మా పాత గిరాకీ ఇల్లు. వాళ్ల అబ్బాయి ప్లేస్టేషన్ 5 పెట్టాడు. గేమ్‌లో ఒక మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నాడు, గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. కంట్రోలర్ తీసుకొని కెమెరాను మెల్లగా తిప్పాను, ఆ మనిషి తెరకు ఎడమ అంచుకు వచ్చేదాకా. గొంతు ఒక్కసారిగా తేటపడింది. మళ్లీ ఎదురుగా తిప్పితే మళ్లీ మసక. ఇది మీరూ ఇంట్లో చేసి చూడొచ్చు, కాకపోతే ఆడుతున్నప్పుడు పక్కన నడిచే పాత్రల మాటలతోనే చూడాలి. మధ్యలో వచ్చే సినిమా సీన్లలో మాట ఎటు తిప్పినా ఒకేచోట ఉంటుంది కాబట్టి అక్కడ ఈ తేడా తెలియదు.

ఇది ఎందుకంటే, 5.1 అనే సౌండ్‌లో మాటలకు ప్రత్యేకంగా మధ్య ఛానెల్ ఉంటుంది. ఎడమ, కుడి, వెనక రెండు, బాస్‌కు ఒకటి వేరు. ఎదురుగా ఉన్న మనిషి గొంతు మధ్య ఛానెల్‌లోకి వెళుతుంది, పక్కకు జరిగితే ఎడమ ఛానెల్‌లోకి. మన టీవీలో ఉన్నవి రెండే స్పీకర్లు. 5.1 వస్తే టీవీ దాన్ని రెండింటిలోకి కలపాలి. పద్ధతి ప్రకారం మధ్య ఛానెల్‌ను దాదాపు 0.7 వంతుకు తగ్గించి రెండు వైపులా పోస్తారు. వెనక ఛానెళ్లను కూడా అంతే తగ్గించి వాటి వైపు ఉన్న ముందు స్పీకర్‌లో కలుపుతారు. బాస్ ఛానెల్‌ను మామూలుగా వదిలేస్తారు.

ఇప్పుడు ఎడమ స్పీకర్‌లో ఏమేం చేరాయో లెక్క వేయండి. తన సొంతది 1, మధ్యది 0.7, వెనకది 0.7, మొత్తం 2.4. అన్నీ ఒకేసారి గట్టిగా మోగితే స్పీకర్ పగిలినట్టు శబ్దం వస్తుంది కాబట్టి టీవీ ముందుజాగ్రత్తగా మొత్తాన్ని 2.4 తో భాగించి తగ్గిస్తుంది, లేదా గట్టి శబ్దం వచ్చినప్పుడల్లా అన్నింటినీ కలిపి నొక్కేస్తుంది. మొదటి పద్ధతిలో గొంతుకు ఒక్కో స్పీకర్‌లో మిగిలేది 0.29. అది వినపడదు కాబట్టి మనం రిమోట్‌తో వాల్యూమ్ పెంచుతాం, బాంబు పడగానే ఇంట్లోవాళ్లు అరుస్తారు, మళ్లీ తగ్గిస్తాం. రెండో పద్ధతిలో బాంబును నొక్కేటప్పుడు దాని పక్కన ఉన్న మాట కూడా నలిగిపోతుంది. దీనికి తోడు టీవీ స్పీకర్లు కిందికి చూస్తూ ఉంటాయి, శబ్దం ముందు బల్లకు కొట్టుకొని ఆ తర్వాతే మన చెవికి వస్తుంది. అయిదు చోట్ల నుంచి రావాల్సిన శబ్దాలు ఒకే చోట గుంపు కట్టాక చెవికి కూడా మాటను విడదీయడం కష్టం.

ఈ మోడల్ టీవీ ఇక్కడే తేడా చేస్తోంది. డాల్బీ పద్ధతిలో మూట కట్టిన 5.1 సౌండ్ పంపితే తీసుకుంటానని కన్సోల్‌కు చెబుతుంది. తీసుకున్నాక మధ్య ఛానెల్‌ను ఉండాల్సినంత కలపదు. మామూలు స్టీరియో ఇస్తే మాత్రం శుభ్రంగా మోగుతుంది. అంటే స్పీకర్లలో లోపం లేదు, కలిపే సాఫ్ట్‌వేర్‌లో ఉంది.

ఆ అబ్బాయి కన్సోల్‌లో ఏం పెట్టాడో చూస్తే `AV Amplifier`, 5.1, డాల్బీ. ఎందుకు పెట్టావురా అంటే "ఎక్కువ ఛానెళ్లుంటే మంచిగ ఉంటది కదంకుల్" అన్నాడు. అయిదు స్పీకర్లున్న ఇంట్లో అయితే వాడన్నది నిజమే. మన ఇంట్లో ఉన్నవి రెండు కాబట్టి కన్సోల్‌కు రెండే ఉన్నాయని చెప్పాలి. ప్లేస్టేషన్ 5 లో ఇలా వెళ్లండి:

```
Settings > Sound > Audio Output
HDMI Device Type: TV
Audio Format (Priority): Linear PCM
```

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ వాళ్లు ఇలా:

```
Settings > General > Volume & audio output
HDMI audio: Stereo uncompressed
```

లీనియర్ పీసీఎం, అన్‌కంప్రెస్డ్ అంటే శబ్దాన్ని మూట కట్టకుండా నేరుగా పంపడం. ఇలా పెడితే కలిపే పని టీవీ చేతిలోంచి కన్సోల్ చేతికి వెళుతుంది. గేమ్‌లో ప్రతి శబ్దం ఇంకా విడివిడిగానే ఉంటుంది కాబట్టి రెండు స్పీకర్లే ఉన్నాయని తెలిస్తే గేమ్ మొదటి నుంచే వాటికి తగ్గట్టు పేర్చుకుంటుంది. చాలా గేముల ఆడియో మెనూలో టీవీ స్పీకర్లు, హెడ్‌ఫోన్స్, హోమ్ థియేటర్ అని విడిగా అడుగుతుంది, లేదా నైట్ మోడ్ అని ఉంటుంది. అక్కడ టీవీ స్పీకర్లు ఎంచుకోండి. నైట్ మోడ్ పెడితే చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ తేడా తగ్గుతుంది, మాట పైకి తేలుతుంది. మాటల వాల్యూమ్ విడిగా ఉంటే సంగీతాన్ని కొంచెం దించండి. మాటను పూర్తిగా పైకి పెట్టడం కంటే అదే మేలు.

ఆ ఇంట్లో అంతే చేశాను. టీవీలో వర్చువల్ సరౌండ్ అని ఒకటి ఆన్‌లో ఉంటే అది కూడా తీసేశాను, ఎందుకంటే అది గొంతును గదంతా చల్లుతుంది. వంటింట్లోంచి వాళ్లమ్మ "ఇప్పుడు ఆ తెల్ల గడ్డమాయన ఏమంటుండో నాక్కూడ ఇనపడ్తుంది" అన్నది.

ప్లేస్టేషన్‌లోనే `3D Audio for TV Speakers` అని ఒకటి ఉంది, 2021 లో అప్‌డేట్‌లో వచ్చింది. కంట్రోలర్ మైక్‌తో గదిని కొలుచుకుంటుంది. కొందరికి బాగుంటుంది. మీకు గొంతు పలచబడినట్టు అనిపిస్తే ఆపేయండి. వెనక నుంచి వచ్చే అడుగుల చప్పుడు కచ్చితంగా తెలియాలంటే మాత్రం రెండు టీవీ స్పీకర్లతో కుదరదు, హెడ్‌సెట్ పెట్టుకోవాల్సిందే.

ఇక డిస్ట్రిబ్యూటర్ సంగతి. నాకు మంట పుట్టించింది ఇదే. ఫిర్యాదులు మొదలవగానే హైదరాబాద్‌కు ఫోన్ చేశాను. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తుంది, గిరాకీలకు చెప్పండి అన్నారు. చెప్పాను. రాలేదు. మళ్లీ చేస్తే ఇంజనీర్లు చూస్తున్నారన్నారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తే మనిషే మారిపోయాడు, కథ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. చివరికి వచ్చిన జవాబు అప్‌డేట్ కాదు, ఒక ఆఫర్. ఈ మోడల్ కొన్న ప్రతి ఒక్కరికీ 2.1 సౌండ్‌బార్ అమ్మండి, మీకు మంచి మార్జిన్ ఇస్తాం, సమస్య పోతుంది అని.

దాని మీద నేను చాలా ఆలోచించాను, దాచను. దసరా ముందు గిరాకీ లేని రోజులు, అద్దె కట్టాలి, మార్జిన్ నిజంగానే బాగుంది. బార్ పెట్టి చూపిస్తే అక్కడికక్కడే శబ్దం గొప్పగా అనిపిస్తుంది కూడా, ఎవరూ అనుమానపడరు. మా తమ్ముడు అమ్ముదామనే అన్నాడు. రెండు రాత్రులు ఇంట్లో అదే వాదన.

కానీ 2.1 అంటే ఎడమ, కుడి, ఒక బాస్ డబ్బా. అందులో మధ్య స్పీకర్ లేదు. పైగా కన్సోల్ టీవీకి, టీవీ బార్‌కు తగిలించి ఉంటే, ఈ టీవీ తను కలిపిన ఆ మసక శబ్దాన్నే ఏఆర్‌సీ వైరులో, అంటే టీవీ నుంచి బార్‌కు శబ్దం వెళ్లే హెచ్‌డీఎంఐ వైరులో, బార్‌కు పంపుతుంది. ఉప్పు నీళ్లను ఇత్తడి బిందెలోకి మార్చినట్టే. సెట్టింగ్‌తో పైసా ఖర్చు లేకుండా పోయేదానికి గిరాకీతో వేలు పెట్టించి, రేపు వాళ్లే కనిపెడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఆ బార్లు తీసుకోలేదు. ఆ మోడల్ టీవీ కూడా ఇక తెప్పించను. అప్‌డేట్ వచ్చినా తెప్పించను, అది నా పంతం.

మా దగ్గర కాకపోయినా ఎక్కడైనా బార్ కొనుక్కున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. 2.1 బార్ అయితే కన్సోల్‌లో పైన చెప్పినట్టు లీనియర్ పీసీఎం, రెండు ఛానెళ్లే ఉంచండి. మధ్య స్పీకర్ ఉన్న 5.1 బార్ అయితే, టీవీ సాకెట్ మీద `ARC` అని మాత్రమే ఉంటే డాల్బీ పెట్టండి, ఎందుకంటే ఆ దారిలో 5.1 పీసీఎం పట్టదు, రెండు ఛానెళ్లే వెళతాయి. టీవీలో ఆడియో అవుట్‌పుట్‌ను కూడా పాస్ త్రూ లేదా బిట్‌స్ట్రీమ్‌కు మార్చాలి, లేకపోతే టీవీ మళ్లీ మధ్యలో వేలు పెడుతుంది. టీవీలోనూ బార్‌లోనూ రెండిటా `eARC`, అంటే ఇంకా ఎక్కువ శబ్దం పట్టే కొత్త రకం ఏఆర్‌సీ, ఉంటే 5.1 పీసీఎం వెళుతుంది, గేములకు అది మంచిది, డాల్బీలోకి కట్టి విప్పే ఆలస్యం ఉండదు. డాల్బీ లాంటిదే ఇంకో పద్ధతి డీటీఎస్, దాని జోలికి మాత్రం వెళ్లకండి. చాలా టీవీలు దాన్ని విప్పలేవు, పెడితే అసలు శబ్దమే రాకపోవచ్చు.

ఒక చోట మాత్రం కన్సోల్ సెట్టింగ్ పని చేయదు. టీవీలోనే ఉన్న యాప్‌లలో సినిమా చూస్తే కలిపేది టీవీయే. యాప్‌లో ఆడియో భాష దగ్గర 5.1 అని రాసిన ట్రాక్, రాయని ట్రాక్ రెండూ ఉంటే రాయనిది పెట్టుకోండి. అదే యాప్ కన్సోల్‌లో ఉంటే అందులో చూడటం ఇంకా మేలు. కన్సోల్ లేకుండా టీవీ యాప్‌లే చూసేవాళ్లకు, ట్రాక్ మార్చినా మాట తేటపడకపోతే, ఈ మోడల్ వెనక్కి తీసుకొని వేరే టీవీ ఇస్తాను. ధరలో తేడా ఉంటే ఆ తేడా మట్టుకే. డిస్ట్రిబ్యూటర్ తిరిగి తీసుకుంటాడా లేదా అన్నది నా తలనొప్పి, మీకు అవసరం లేదు. కన్సోల్ ఉన్నవాళ్లు మాత్రం ముందు సెట్టింగ్ మార్చి, ఒక రాత్రి ఆడి, ఆ తర్వాతే మార్చమని అడగండి.

టౌన్‌లో ఉన్నవాళ్ల ఇంటికి ఆదివారం పొద్దున నేనే వస్తాను, డబ్బులు వద్దు. మిర్యాలగూడ, దేవరకొండ, నకిరేకల్ వాళ్లు రాత్రి దుకాణం కట్టాక వీడియో కాల్ చేయండి, తెర చూపిస్తే ఎక్కడ నొక్కాలో చెబుతాను. కాల్ చేసే ముందు కంట్రోలర్ ఛార్జింగ్ పెట్టి, టీవీ రిమోట్ వెతికి దగ్గర పెట్టుకోండి. మొన్న ఒకాయన నన్ను లైన్‌లో ఉంచి సోఫా కింద అరగంట వెతికాడు.