నెల అద్దె బహుమతి వద్దు, చిన్నా

నిజాంపేట

చిరంజీవి చిన్నాకు,

అమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన పద్ధతి రెండుసార్లు చదివాను. "అద్దెకు మనిషిని తెచ్చిన వాళ్ళకు ఒక నెల అద్దె బహుమతి" అన్నావు. దసరా నుంచి మూడు బిల్డింగులూ నువ్వే చూసుకుంటానంటున్నావు కాబట్టి ఫోనులో చెప్పేసి ఊరుకోకుండా కాగితం మీద పెడుతున్నాను. బహుమతి ఉండాలి, అందులో తేడా లేదు. నెల అద్దె మాత్రం వద్దు. ఎందుకో లెక్కతో చెబుతాను, నీకు లెక్క అంటేనే నమ్మకం కదా.

డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు ఒకటి తీసుకో. అద్దె 16,000, అంటే రోజుకు 530 పైచిలుకు. టు-లెట్ బోర్డు పెట్టి, బ్రోకరుకు చెప్పి కూర్చున్నప్పుడు మన ఇల్లు సగటున 38 రోజులు ఖాళీగా ఉంటోంది. నా రిజిస్టరులో ఉంది, చూసుకో. అంటే అద్దె పోయింది 20,000. బ్రోకరుకు సగం నెల, 8,000. మొత్తం 28,000. అదే మన ఇంట్లో ఉన్నవాళ్ళు తెచ్చిన మనిషి అయితే పాతవాళ్ళు ఇంకా సామాను సర్దుతుండగానే అడ్వాన్సు ఇచ్చేస్తాడు. సున్నం వేయించే రోజులు, మంచిరోజు చూసుకునే రోజులు కలిపి తొమ్మిది రోజుల ఖాళీ, 4,800. కాబట్టి అలా నిండిన ఒక్కో ఇంటి మీద మనకు మిగిలేది 23,200. నువ్వు ఇక్కడిదాకా వేసుకుని, "16,000 ఇచ్చినా ఇంకా 7,000 మిగులుతుంది కదమ్మా" అన్నావు.

ఇక్కడే పొరపాటు జరిగింది. మనకు ఏటా పది ఇళ్ళు ఖాళీ అవుతాయి. బహుమతి మాటే లేని రోజుల్లో కూడా వాటిలో మూడు మనవాళ్ళ నోటిమాట మీదే నిండేవి. చెల్లెలు కోసమో, ఆఫీసులో స్నేహితుడి కోసమో అడిగి తెచ్చేవాళ్ళు. నేను చిన్న బహుమతి పెట్టాక ఏడు నిండుతున్నాయి. అంటే బహుమతి వల్ల కొత్తగా వచ్చినవి నాలుగే, డబ్బు మాత్రం ఏడింటికీ ఇవ్వాలి. ముగ్గురికి ఇవ్వకుండా ఉండలేవు, ఎవరు ఊరికే తెచ్చేవారో మనకెలా తెలుస్తుంది? ఏడింటికి 16,000 చొప్పున 1,12,000. దాన్ని నాలుగుతో భాగిస్తే ఒక్కో కొత్త ఇంటికి 28,000 పడింది. మిగిలేది 23,200 అయితే పెట్టేది 28,000. బహుమతి పెద్దది కాబట్టి ఏడు కాదు, తొమ్మిది వస్తాయి అనుకుందాం. తొమ్మిదింటికి 1,44,000, కొత్తవి ఆరు, ఒక్కోదానికి 24,000. అప్పుడూ నష్టమే. పదికి పదీ నిండితే తప్ప గట్టెక్కవు.

నేను ఇచ్చేది తెచ్చినవాళ్ళకు 6,000, వచ్చినవాళ్ళకు మొదటి నెల అద్దెలో 2,000 తగ్గింపు. కలిపి 8,000. ఏడింటికి 56,000, నాలుగుతో భాగిస్తే 14,000. ఒక్కో కొత్త ఇంటి మీద తొమ్మిది వేల పైన మిగులుతుంది. అద్దెలు మారినప్పుడల్లా ఈ లెక్క మళ్ళీ వెయ్యి. ఖాళీ రోజులు తక్కువ ఉండే సింగిల్ బెడ్‌రూమ్‌లకు ఈ 6,000 కూడా ఎక్కువే, అక్కడ 3,000 చాలు.

వచ్చినవాళ్ళకు ఎందుకు ఇవ్వాలంటావేమో. మొదట్లో నేనూ ఇవ్వలేదు. ఒకావిడ ఇల్లు చూసి అంతా నచ్చింది అని, కిందకు దిగాక వాచ్‌మన్ దగ్గర "పైనావిడకు కమీషన్ ఎంత వస్తుంది" అని అడిగింది. స్నేహితురాలి మాట ఒక్క క్షణంలో బ్రోకరు మాట అయిపోయింది. పైనావిడ సిగ్గుపడి ఆ ఏడాది ఇంకెవరినీ తీసుకురాలేదు. ఇప్పుడు ఇద్దరికీ ఉంటుందని ముందే చెబుతాం కాబట్టి, "మన ఇద్దరికీ వస్తుంది, రా" అని ధైర్యంగా పిలుస్తున్నారు.

డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలన్నది డబ్బు ఎంత అన్నదానికన్నా పెద్ద విషయం. అద్దెలో తగ్గించేస్తే సులువు అని రాశావు. మొదటి రెండేళ్ళూ నేను అలాగే చేసి దెబ్బతిన్నాను. అద్దె భర్త ఫోనులోంచి వస్తుంది. మనిషిని తెచ్చేది భార్య. కూరగాయల బండి దగ్గర, పిల్లల స్కూలు బస్సు దగ్గర, "మా బిల్డింగులో ఖాళీ అవుతోంది" అన్న మాట అనేది ఆవిడే. అద్దెలో తగ్గిస్తే ఆయన ఖాతాలో తగ్గింది, ఆవిడకు అది వచ్చినట్టే తెలియలేదు. ఇప్పుడు చెప్పిన మనిషి నంబరుకే విడిగా పంపుతున్నాను. ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఉద్యోగస్థులు ఆఫీసులో హెచ్ఆర్ఏ కోసం అద్దె రశీదులు ఇస్తారు కదా, అద్దెలో కోస్తే ఆ నెల రశీదు తగ్గించి రాయాలి, వాళ్ళకు విసుగు. విడిగా ఇస్తే రశీదు ఎప్పటిలాగే పూర్తి అద్దెకు ఉంటుంది. మన పన్ను వైపు నుంచి మాత్రం ఏమీ ఆశించకు. అద్దె ఆదాయంలో 30 శాతం గుండుగుత్తగా తగ్గిస్తారు, మనం ఈ బహుమతికి పెట్టామని ఇంకా తగ్గించమంటే కుదరదు.

ఎప్పుడు ఇవ్వాలి? అగ్రిమెంటు రోజున మొత్తం చేతిలో పెడితే ఏమవుతుందో చెబుతాను. ఒకాయన తమ్ముడి వరసవాడిని తెచ్చాడు, అప్పట్లో ఇచ్చే 5,000 తీసుకున్నాడు, నాలుగు నెలలకు ఆ కుర్రవాడు ఖాళీ చేశాడు. మోసం అనను, ఇద్దరికీ ముందే తెలిసుంటుందని మాత్రం అనిపించింది. అందుకే రెండు ముక్కలు చేశాను. కొత్తవాళ్ళు రెండో నెల అద్దె కట్టిన రోజు 3,000, ఆరు నెలలు నిండాక 3,000. అన్నీ ఆరు నెలలకు తోసెయ్యకు, అంత దూరంలో ఉన్న డబ్బు కోసం ఎవరూ నోరు విప్పరు. రెండో నెలది త్వరగా చేతికి వస్తేనే అది పక్కింట్లో కబురవుతుంది, మనకు కావలసింది అదే. ఖాళీ చేసి వెళ్ళేవాళ్ళు తెచ్చినప్పుడు మాత్రం ఆరు నెలలు ఎక్కడ వెతుకుతాం, కొత్త అడ్వాన్సు రాగానే వాళ్ళ అడ్వాన్సు తిరిగిచ్చేటప్పుడు 4,000 కలిపి ఇచ్చేస్తాను. నిజానికి అందరికన్నా బాగా తెచ్చేది వాళ్ళే. ఇల్లు తుడిచి, దీపం పెట్టి మరీ చూపిస్తారు.

నోటీసు ఇచ్చిన రోజే అందరికీ సందేశం వెళ్ళాలి, మర్నాడు కాదు. ఆ నెల రోజులే మన పెట్టుబడి. అందుకే ఇల్లు ఖాళీ అయ్యేలోపు అడ్వాన్సు వస్తే పూర్తి 6,000, ఖాళీ అయ్యాక వస్తే సగం. ఆషాఢం ముందర అయితే ఇంకా తొందరపడాలి. ఆషాఢంలో సంసారులెవరూ ఇల్లు మారరు, ఒక్కసారి తప్పిపోతే శ్రావణం దాకా ఖాళీయే. ముందే మంచిరోజున పాలు పొంగించుకుని తరువాత సామాను తెచ్చుకోమని చెప్పు, చాలామంది ఒప్పుకుంటారు.

ఎవరు తెచ్చారన్న తగాదా తప్పకుండా వస్తుంది. బోర్డు చూసి లోపలికి వచ్చినవాణ్ణి మెట్ల మీద పలకరించి, "నేనే తెచ్చాను" అన్నవాళ్ళు ఉన్నారు. వచ్చేముందే పేరు, ఫోను నంబరులో చివరి నాలుగు అంకెలు మనకు సందేశం పెట్టాలి, లేకపోతే లెక్కలోకి రాదు. ఇద్దరు ఒకే పేరు పంపితే ముందు పంపినవారిది. వాచ్‌మన్‌ను దీనిలో కలపకు. బోర్డు చూసి వచ్చినవాళ్ళకు ఇల్లు చూపించినందుకు అతనికి వెయ్యి విడిగా ఇస్తున్నాం. అతనికీ ఈ బహుమతి పెడితే వచ్చినవాళ్ళందరూ అతని బావమరుదులే అవుతారు. అద్దె బాకీ ఉన్నవాళ్ళు తెచ్చినా తీసుకో, కానీ బాకీ తీరాకే బహుమతి.

ఒక్కోసారి వాళ్ళు పంపిన మనిషికి ఇల్లు ఇవ్వలేం. గుర్తింపు కాగితాలు ఇవ్వను అంటాడు, లేదా జీతానికీ అద్దెకూ పొంతన ఉండదు. పంపడం మీ వంతు, ఇవ్వడం మా వంతు అని మొదటి సందేశంలోనే రాయి, కాదన్న కారణం వచ్చినవాడికే చెప్పు, పంపినవారికి చెప్పకు. పోలీసు వెరిఫికేషన్ బయటివాళ్ళకు ఎలాగో వీళ్ళకూ అలాగే. తెలిసినవాళ్ళు కదా అని నేను ఒకసారి వదిలేసి నెల రోజులు నిద్ర లేకుండా ఉన్నాను, ఆ కథ నీకు తెలుసు.

నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఇంకోటి ఉంది. మనుషులు తమలాంటివాళ్ళనే తెస్తారు. రెండో బిల్డింగులో ఒక కుర్రవాడు మొదలుపెట్టి వరసగా ఐదు ఇళ్ళు ఒకే ఆఫీసు వాళ్ళతో నిండాయి. హాయిగా ఉందనుకున్నాను. ఆ ఆఫీసు ఊరికి అటు చివరకు మారింది, ఒకే నెలలో నాలుగు నోటీసులు. బహుమతి ఇచ్చింది ఐదింటికి, ఖాళీ చూసింది నాలుగింటికి. ఇప్పుడు ఒక్కరికి ఏడాదికి రెండు బహుమతులే, ఒకే ఆఫీసు వాళ్ళు ఒక బిల్డింగులో మూడు ఇళ్ళకు మించకుండా చూస్తాను. బోర్డు కూడా తీసెయ్యకు. నోటిమాటే దారి అయితే ఒకే ఊరివాళ్ళు, ఒకే కులంవాళ్ళు నిండిపోయి మిగతావాళ్ళకు మన గేటే కనబడకుండా పోతుంది, అది నాకు నచ్చదు.

ఎండాకాలం నీళ్ళ సంగతి దాచవద్దని తెచ్చేవాళ్ళకు చెప్పు. బోరు ఎండి ట్యాంకరు తెప్పించే నెలల్లో మెయింటెనెన్స్ ఎంత పెరుగుతుందో సందేశంలో మనమే రాసేద్దాం. పోయిన ఏప్రిల్‌లో కొత్తగా వచ్చినావిడ, "నీళ్ళ మాట ఎందుకు చెప్పలేదు" అని తెచ్చినావిడతో గొడవపడింది. ఇద్దరూ ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు, ఆ వంట గది కిటికీలు మాత్రం ఎదురెదురుగా ఉన్నాయి.

204 వాళ్ళు నిన్న సాయంత్రం నోటీసు ఇచ్చారు. నేను గుడికి వెళ్ళి ఉండడం వల్ల సందేశం పెట్టలేదు, ఈ రాత్రికి నువ్వు పెట్టు. అంతస్తు, అద్దె, అడ్వాన్సు, ఖాళీ అయ్యే తేదీ, ఎవరికి ఎంత ఎప్పుడు ఇస్తామో, అంతే రాయి. 301 ఆవిడకు ఐదో తారీఖున రెండో 3,000 ఇవ్వాలి. ఆయన నంబరుకు కాదు, ఆవిడ నంబరుకే పంపు. రిజిస్టరు చివరి పేజీలో ఉంది.

ఆశీస్సులతో,
అమ్మ