సంక్రాంతి బోర్డింగ్: బట్టలు, కవర్లు నమిలే పిల్లుల విషయంలో మా కొత్త పద్ధతి

"మా పిల్లి చిన్నప్పట్నుంచీ దుప్పటి నములుతూనే ఉంది, ఏమీ కాలేదు. ఈసారి దుప్పటి తేవద్దంటున్నారు, డాక్టర్‌కి చూపించుకుని రమ్మంటున్నారు, పైగా రోజుకు నూట యాభై ఎక్కువ అడుగుతున్నారు. ఎందుకండీ?"

పండక్కి ఊరెళ్తూ పిల్లిని మా బోర్డింగ్‌లో దింపే కస్టమర్లు అడుగుతున్న మాట ఇది. నమలడం వేరు, మింగడం వేరు. కొన్ని పిల్లులు మెత్తని ఉన్ని దొరికితే ముందరి కాళ్లతో పిసుకుతూ, తల్లి దగ్గర పాలు తాగినట్టు చప్పరిస్తాయి. దుప్పటి తడుస్తుంది తప్ప అందులోంచి ఏమీ తగ్గదు. మరికొన్ని పక్క పళ్లతో కొరికి, ముక్క తెంపి మింగేస్తాయి. తిండి కానిదాన్ని ఇలా తినడాన్నే డాక్టర్లు పైకా అంటారు. మీ పిల్లిది ఏ రకమో తెలుసుకోవాలంటే దుప్పటిని వెలుతురులో పరిచి చూడండి. తడి మచ్చ మాత్రమే ఉంటే ప్రస్తుతానికి ఫర్వాలేదు. చిల్లులు ఉండి, తెగిన ముక్కలు ఇంట్లో ఎక్కడా కనబడకపోతే అవి కడుపులోకే పోయాయి. లిట్టర్‌లో మలాన్ని పుల్లతో విడదీసి చూస్తే దారపు పోగులు కనిపిస్తాయి. రోత పని అనుకోకండి, మేం ఇక్కడ రోజూ చేసేది ఇదే.

ఇన్నేళ్లూ ఏమీ కాలేదంటే ఇప్పటిదాకా మింగినవన్నీ బయటికి వచ్చేశాయని అర్థం. పిల్లి నాలుక మీద ముళ్లన్నీ గొంతు వైపుకి వంగి ఉంటాయి. అందుకే నోట్లో పడిన పోగును ఉమ్మేయడం దానికి కష్టం, లోపలికి పోవడమే తేలిక. ప్లాస్టిక్ ముక్క కంటే పొడవాటి దారానికే మేం ఎక్కువ భయపడతాం. దారం ఒక కొస నాలుక కింద చుట్టుకునో, కడుపు చివర చిక్కుకునో ఆగిపోతుంది, మిగతాది పేగులోకి జారుతుంది. పేగు దాన్ని ముందుకు తోస్తుంది కానీ చిక్కుకున్న కొస కదలదు. దాంతో పైజామా బొందు బిగిస్తే గుడ్డ కుచ్చులు పడినట్టు పేగే ఆ దారం మీదికి ముడుచుకుంటుంది. బిగుసుకున్న దారం పేగు గోడను లోపల్నుంచి కోసేస్తుంది. అక్కడిదాకా వస్తే ఆపరేషన్ తప్ప దారి లేదు. ఉన్ని, దారం ఎక్స్‌రేలో నేరుగా కనబడకపోవచ్చు కూడా, స్కానింగ్ చేయాల్సి వస్తుంది.

కాబట్టి నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతూ కనిపిస్తే దయచేసి లాగకండి. కత్తిరించకండి కూడా. అలాగే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పదేపదే వాంతులు, తిండి ముట్టకపోవడం, మలం రాకపోవడం, వీపు వంచి ఓ మూల నక్కి కూర్చోవడం కనిపిస్తే రేపు చూద్దాం అనుకోవద్దు. అసలు పిల్లి ఒక రోజంతా ఏమీ తినకపోవడమే ప్రమాదం. లావుగా ఉన్న పిల్లులైతే రెండు మూడు రోజుల పస్తుకే కాలేయానికి కొవ్వు పట్టి మరీ నీరసించిపోతాయి.

ఇక బోర్డింగ్ సంగతి. కొత్త చోటు, తెలియని వాసనలు, పక్క గదిలో వేరే పిల్లుల అరుపులు: మేం ఎంత బాగా చూసుకున్నా మీ పిల్లికి ఇది టెన్షనే. ఇంట్లో చప్పరించడంతో ఆగిన పిల్లి ఇక్కడ కొరకడం మొదలుపెట్టొచ్చు. అలాంటి పిల్లిని రాత్రంతా ఒక ఉన్ని దుప్పటితో గదిలో వదిలేసి మేం నిద్రపోలేం. కానీ ఇంటి వాసన లేకుండా చేస్తే టెన్షన్ ఇంకా పెరుగుతుంది. అందుకని దుప్పటికి బదులు మీరు వాడిన దిండు గలీబు తెమ్మంటున్నాం. దాన్ని మందపాటి కాన్వాస్ పరుపు లోపల పెట్టి జిప్ వేస్తాం. వాసన అందుతుంది, గుడ్డ అందదు.

బ్రిటన్‌లో జాన్ బ్రాడ్‌షా బృందం బట్టలు తినే 152 పిల్లుల మీద చేసిన సర్వే 1997లో అచ్చయింది. వాటిలో ఎక్కువ పిల్లులు ఎంచుకున్నది ఉన్నినే, తర్వాత నూలు బట్ట. సయామీ, బర్మీజ్ జాతుల్లో ఈ అలవాటు ఎక్కువని చాలాకాలంగా తెలిసిందే. మా దగ్గరికొచ్చే వాటిలో పర్షియన్లు, నాటు పిల్లులే ఎక్కువ. వీటిలోనూ ఈ అలవాటు చూస్తున్నాం. తల్లి నుంచి మరీ ముందే విడదీయడం కూడా కొంత కారణం కావచ్చంటారు. నెలన్నర పిల్లల్ని డబ్బాలో పెట్టి అమ్మేవాళ్ల దగ్గర కొనకండని మేం మొత్తుకునేది అందుకే.

మణికొండలో ఉండే ఒక కస్టమర్ అనుమతితో వాళ్ల బూందీ సంగతి చెబుతాను. రెండేళ్ల నారింజ రంగు నాటు పిల్లి. కొత్త ఫ్లాట్‌కి మారాక స్వెటర్ చేతుల అంచులు, చికెన్ తెచ్చిన కవర్లు తినడం మొదలుపెట్టింది. ముందు డాక్టర్ దగ్గరికి పంపాం. రక్తపరీక్ష, మలపరీక్ష మామూలుగానే వచ్చాయి. అప్పుడు ఇంటావిడని ఒక నోట్‌బుక్ పెట్టమన్నాం: ఏం కొరికింది, ఎక్కడ, ఎన్నింటికి, దానికి కాస్త ముందు ఏం జరిగింది, అంతే. రాసుకుంటూ పోతే అసలు సంగతి బయటపడింది. దాదాపు అన్నీ సాయంత్రం ఆరుకీ ఎనిమిదికీ మధ్యే జరుగుతున్నాయి. కవర్లు వంటింట్లో, స్వెటర్లు బాల్కనీ తలుపు దగ్గర.

వంటింటి సంగతి తేలిగ్గానే తేలింది. బూందీకి పొద్దున్న పెరుగన్నంలో కాసిన్ని డ్రై ఫుడ్ గింజలు, రాత్రి తొమ్మిదికి ఉడికించిన చికెన్. మధ్యలో పన్నెండు గంటలు ఖాళీ కడుపు. సాయంత్రానికి ఆకలితో ఉన్న జంతువుకి కోడి వాసన కొట్టే కవర్ దొరికితే అది నాకుతుంది, తర్వాత కొరుకుతుంది, ఇందులో వింతేముంది? పైగా పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. దానికి టారిన్ అనే పదార్థం తిండిలోంచే రావాలి. పెరుగన్నంలో అది లేదు, ఉడికించి నీళ్లు పారబోసిన చికెన్‌లో చాలావరకు పోతుంది. అందుకే పెరుగన్నం మానేసి, ప్యాకెట్ మీద కంప్లీట్ ఫుడ్ అని రాసి ఉన్న తిండినే రోజు మొత్తానికి తూచి, నాలుగు పూటలుగా చేయమన్నాం. ఆరు గంటల వాటాని గిన్నెలో కాకుండా, దొర్లిస్తే గింజ గింజగా రాలే గట్టి బంతిలో పోశారు. దానికి ముందు పది నిమిషాలు ఈకల కర్రతో ఆట. వేటాడి, పట్టుకుని, తిని, ఒళ్లు నాక్కుని పడుకోవడం పిల్లి సహజ క్రమం. ఆట అయ్యాక తిండి వస్తే ఆ క్రమం పూర్తవుతుంది. లేజర్ లైటుతో ఆడిస్తే చేతికి ఏదీ చిక్కదు, కొన్ని పిల్లులకు చిరాకు ఇంకా పెరుగుతుంది.

కవర్ల జోలికి పోవడం బాగా తగ్గింది. స్వెటర్లు మాత్రం తగ్గలేదు. తిండి, ఆట, బాల్కనీ అన్నీ ఒకేసారి మార్చేసి ఉంటే దేనివల్ల ఏం తగ్గిందో తెలిసేది కాదు. నోట్‌బుక్ మళ్లీ చూస్తే, స్వెటర్ కొరికిన రోజుల్లో చాలావరకు "గోడ మీద గండు పిల్లి" అని రాసి ఉంది. కింద కాంపౌండ్ గోడ మీద ఒక వీధి గండు పిల్లి సాయంత్రాలు వచ్చి కూర్చుంటోంది. బూందీ దాన్ని తరమలేదు, అక్కడి నుంచి పోలేదు, పక్కన ఆరేసిన స్వెటర్ మీద పడుతోంది. తలుపు అద్దానికి కింది సగం వరకు మసక స్టిక్కర్ అతికించి, బయటికి చూడ్డానికి ఇంకో వైపు కిటికీ దగ్గర ఎత్తులో పలక కొట్టించారు. దాంతో చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇంట్లోవాళ్లు ఊరెళ్తే ఇప్పటికీ స్వెటర్లు వెతుక్కుంటుంది. అందుకే అవి బీరువాలో, తాళం వేసి.

ప్రతి పిల్లికీ కారణం బోర్, తిండి, టెన్షనే అని తేల్చేయకండి. ఇన్నాళ్లూ బాగున్న పెద్ద పిల్లి ఉన్నట్టుండి గోడ సున్నం నాకినా, లిట్టర్ మట్టి తిన్నా ముందు చూడాల్సింది రక్తం. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. లేత గులాబీ రంగులో ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే రక్తహీనత కావచ్చు. ఒంటి నిండా పిడుదులు, కడుపులో నట్టలు, వైరస్‌లు ఇలా కారణాలు చాలా ఉంటాయి. మన ఇళ్లలో ఇంకో కారణం కూడా ఉంది: కూరలోంచి తీసి కడిగి పెట్టే చికెన్ ముక్క. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి. ఎంత కడిగినా ముక్కకు పట్టిన రసం పోదు. ఇలాంటి పిల్లికి ఎన్ని బొమ్మలు కొన్నా లాభం లేదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రిపోర్ట్ అడిగేది అందుకే.

వ్యాపారం మాటా చెప్పాలి కదా. ఉన్ని బంతులు, పొడవాటి దారం కట్టిన బొమ్మలు మా షాపులో అమ్మడం ఆపేశాం. బాగా పోయే సరుకే, అయినా పెట్టం. ఈకల కర్ర అమ్ముతాం గానీ ఆట కాగానే డ్రాయర్లో పెట్టే వాళ్లకే. చేదు స్ప్రే, పిల్లిని శాంతపరిచే వాసన వదిలే ఫెరోమోన్ డిఫ్యూజర్ అడిగితే ఇస్తాం. కాకపోతే వాటితోనే అలవాటు మానుతుందని మేం అనం. చేదు కొట్టిన స్వెటర్ వదిలేసి పిల్లి ఇంకో స్వెటర్ వెతుక్కుంటుంది. కొట్టడం, మొహాన నీళ్లు చల్లడం అసలు వద్దు, మీరు లేనప్పుడు చాటుగా తింటుంది. ఇవన్నీ చేసినా మింగడం ఆగకపోతే మనుషులకు ఆందోళన తగ్గడానికి ఇచ్చే ఫ్లూఓక్సెటిన్ లాంటి మందులు పిల్లులకూ ఉన్నాయి. డాక్టర్ మాత్రమే రాయాలి, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, పండక్కి ముందు మొదలుపెడితే పండక్కి తగ్గదు.

నూట యాభై దేనికంటే, మింగే పిల్లులకు గుడ్డ, కవరు, కేబుల్ ఏదీ అందని విడి గదులు ఇస్తున్నాం. అవి మా దగ్గర తక్కువ. రోజుకు నాలుగు పూటల తిండి, రెండుసార్లు ఆట, ప్రతిసారీ లిట్టర్ తనిఖీకి ఒక మనిషి ప్రత్యేకంగా ఉంటాడు. చప్పరించే పిల్లులకు ఈ అదనం లేదు, మింగే వాటికే. గత నెల రోజుల్లో గుడ్డ గానీ దారం గానీ మింగి వాంతులు చేసుకున్న పిల్లిని మాత్రం డాక్టర్ సరే అనేదాకా తీసుకోం. అలాంటప్పుడు అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇస్తాం.

సంక్రాంతి బుకింగ్ ఉన్నవాళ్లు పిల్లిని దింపేటప్పుడు అది నమిలిన గుడ్డ ఫొటో, ఇప్పుడు తింటున్న తిండి ప్యాకెట్, ఉతకని దిండు గలీబు ఒకటి తీసుకురండి. తిండి బ్రాండ్ మార్చాలనుకుంటే ఇప్పుడే మొదలుపెట్టి వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి. బోర్డింగ్‌కి వచ్చిన రోజే కొత్త తిండి పెట్టమని అడిగితే మేం పెట్టం.