తద్దినం అలర్ట్ ఎందుకు రాలేదు: మా పంచాంగం యాప్ ఐఫోన్ కస్టమర్లకు

"నాన్న తద్దినానికి అలర్ట్ ఉగాది నాడే పెట్టుకున్నానండీ. నా ఐఫోన్‌లో అలర్ట్ రాలేదు, మా తమ్ముడి ఆండ్రాయిడ్‌లో వచ్చింది. ఎందుకని?"

ఐఫోన్‌లో ఒక యాప్ ముందుగా పెట్టి ఉంచగలిగే అలర్ట్లు 64. అంతకు మించి ఎన్ని పెట్టినా నిలవవు. 2010లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 4తో ఈ సౌకర్యం వచ్చినప్పటి నుంచీ లెక్క ఇదే. దగ్గరి తేదీలవి 64 ఉంచుకుని మిగతావి వదిలేస్తామని ఆపిల్ అప్పటి డాక్యుమెంట్‌లోనే రాసింది. వదిలేసినట్టు యాప్‌కు కబురు మాత్రం రాదు. మా టెస్ట్ ఫోన్‌లో మూడొందలు పెట్టి చూస్తే ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. తర్వాత, ఏవేవి మిగిలాయో చెప్పమని `getPendingNotificationRequests`తో ఐఓఎస్‌ను అడిగితే లిస్టులో 64 కనిపించాయి.

హద్దు ఎందుకంటే, ఆ లిస్టు మా యాప్ దగ్గర ఉండదు. "ఫలానా రోజు ఫలానా టైముకి ఈ మాట చూపించు" అని మేము ఫోన్‌కి అప్పజెప్పి పక్కకు తప్పుకుంటాం. యాప్ మూసేసినా, నెట్ లేకపోయినా, ఫోన్ రీస్టార్ట్ అయినా అలర్ట్ మోగించే బాధ్యత ఐఓఎస్‌దే. ఫోన్‌లో ఉన్న ప్రతి యాప్ బరువూ అదే మోయాలి కాబట్టి ఒక్కో యాప్‌కు ఇంత అని గీత గీసినట్టుంది. గీతతో నాకు పేచీ లేదు. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఆండ్రాయిడ్‌లో అలారం టైమయ్యేసరికి మా కోడ్ ఒక్క క్షణం నిద్ర లేస్తుంది, వెంటనే రేపటి అలారం పెట్టుకుని మళ్లీ పడుకుంటుంది. ఐఫోన్‌లో అలర్ట్ మోగినా యాప్ నిద్ర లేవదు. మీరు దాన్ని ముట్టుకుంటేనే లేస్తుంది. మీ తమ్ముడి ఫోన్‌లో గొలుసు తెగకుండా సాగింది అందుకే.

మీ విషయంలో జరిగింది ఇదీ. మీరు సూర్యోదయం, రాహుకాలం, యమగండం, గుళిక, వర్జ్యం అయిదూ ఆన్ చేసుకున్నారు. రోజుకు అయిదు చొప్పున 64 అంటే పన్నెండు రోజులు, పదమూడో రోజుకి నాలుగు. యాప్ తెరిచిన ప్రతిసారీ మళ్లీ 64 నిండుతాయి. మీరు ఆఖరిసారి తెరిచింది కార్తీక పౌర్ణమి నాడు. తద్దినం మార్గశిర శుద్ధ దశమి, అంటే ఇంకో ఇరవై అయిదు రోజులకు. అంత దూరంలో ఉన్న తిథికి లిస్టులో చోటే లేదు. బహుళ త్రయోదశితో రాహుకాలం అలర్ట్లు కూడా ఆగిపోయి ఉంటాయి, గమనించారో లేదో. రోజూ యాప్ తెరిచేవాళ్లకు ఈ బాధ తెలియదు. మా మీద నమ్మకంతో ఒకసారి పెట్టేసి నిశ్చింతగా ఉన్నవాళ్లకే తగిలింది. నాకు కష్టంగా ఉన్నది ఆ ఒక్క విషయమే.

"రోజూ రిపీట్ అని పెడితే సరిపోదా" అని చాలామంది అడిగారు. రిపీట్ అలర్ట్ ఎన్ని రోజులు మోగినా లెక్కలో ఒక్కటే, నిజమే. మందులు వేసుకోమని చెప్పే యాప్‌కు అది దేవుడిచ్చిన వరం. కానీ రిపీట్‌లో గడియారం టైమూ, మాటలూ రెండూ మారవు. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే వచ్చేది రాహుకాలం. అది సూర్యోదయంతో పాటే జరుగుతుంది. వర్జ్యం నక్షత్రాన్ని బట్టి మారుతుంది. తిథి ఏటా అదే తేదీకి రాదు. 2023లో అధిక శ్రావణం వచ్చి ఆ తర్వాతి తిథులన్నీ ఎంత ఆలస్యంగా వచ్చాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఏ రోజు లెక్క ఆ రోజుదే అయినప్పుడు రిపీట్‌తో పని జరగదు.

ఇక మిగిలింది సర్వర్. దీని మీద మా ఇంట్లో నెలల తరబడి గొడవ. మా అబ్బాయి, యాప్ రాసేది వాడే, సర్వర్ నుంచి పుష్, అంటే నెట్ ద్వారా అలర్ట్, పంపిద్దాం, అప్పుడు 64 గోల ఉండదు అన్నాడు. మాట నిజమే, ఆ హద్దు ఫోన్‌లో ముందుగా పెట్టుకునేవాటికే. కానీ మీ ఇంట్లో ఎవరు ఏ తిథికి పోయారో నా సర్వర్‌లో ఎందుకుండాలి? పేర్లు లేకుండా టైము మాత్రమే పెట్టుకోవచ్చు కదా అన్నాడు. పెట్టుకోవచ్చు. అప్పుడైనా మీ ఫోన్‌కు నెట్ ఉండాలి, తెల్లవారుజామున నా సర్వర్ బతికి ఉండాలి, దాని ఖర్చుకు మీ దగ్గర నెలనెలా డబ్బు తీసుకోవాలి. ఒక్కసారి కొంటే చాలు, మీ వివరాలు మీ ఫోన్ దాటవు అని చెప్పి అమ్మాను. ఆ మాట మీద కొన్నవాళ్లే మీరంతా. "ఇన్నేళ్లు పంచాంగం లెక్కలు కట్టినవాళ్లకు అలారం పెట్టడం రాదా" అని ఒకాయన ఒక స్టార్ ఇచ్చి వెళ్లాడు. ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది. అయినా సర్వర్ పెట్టను. మొండితనం అనుకుంటే అనుకోండి.

కాబట్టి ఉన్న 64నే పంచుకున్నాం, రైల్లో కోటా లాగా. అందులో 24 అలర్ట్లు తిథులకు కేటాయించాం. దగ్గర్లో ఉన్న పన్నెండు తిథులకు ముందురోజు సాయంత్రం ఒకటి, ఆ రోజు ఉదయం ఒకటి. వాటి చోటు ఇక ఏ రాహుకాలమూ లాక్కోలేదు. ఏకాదశులు, సంకష్టహర చతుర్థులు ఈ 24లో చేరవు, రోజువారీ అలర్ట్‌లోనే కనిపిస్తాయి. ఇంకొకటి "అలర్ట్లు అయిపోవస్తున్నాయి, యాప్ ఒకసారి తెరవండి" అని చెప్పడానికి, సరుకు అయిపోయే ముందురోజు వస్తుంది. మిగిలిన 39 రోజువారీవి.

ఆ 39తోనే మీకు తేడా తెలుస్తుంది. ఇకపై పొద్దున ఆరింటికి ఒక్కటే అలర్ట్ వస్తుంది, ఆ రోజు రాహుకాలం, యమగండం, వర్జ్యం అన్నీ అందులోనే. అలా అయితే యాప్ తెరవకపోయినా 39 రోజులు నడుస్తుంది. రాహుకాలం మొదలవగానే ఫోన్ మోగడం అలవాటైనవాళ్లకు ఇది నచ్చదని తెలుసు.

అలర్ట్ కింద "చూశాను" అనే బటన్ కూడా పెట్టాం. అది నొక్కితే యాప్ తెరుచుకోకుండానే వెనకాల లేచి ఖాళీలు నింపుకుంటుంది. బ్యాక్‌గ్రౌండ్‌లో అప్పుడప్పుడు లేవనివ్వమని ఐఓఎస్‌ను కూడా అడుగుతాం కానీ ఎప్పుడు లేపాలో దాని ఇష్టం. లో పవర్ మోడ్‌లో లేపదు. యాప్‌ను పైకి తోసి మూసేసినా, మీరు మళ్లీ తెరిచేదాకా లేపదు. బ్యాటరీ మిగులుతుందని అన్ని యాప్‌లనూ తోసేసే అలవాటు చాలామందికి ఉంది, దయచేసి మా యాప్‌ను వదిలేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లో `Background App Refresh` ఆన్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి.

అప్‌డేట్ వేసుకున్నాక యాప్ ఒకసారి తెరిస్తేనే ఈ కొత్త లెక్క మొదలవుతుంది. తిథుల పేజీలో ప్రతి తిథి పక్కన "ఫోన్‌లో ఉంది" లేదా "ఇంకా పెట్టలేదు" అని కనిపిస్తుంది. మేము పెట్టామనుకున్నది కాదు, ఐఓఎస్‌ను అడిగి తెచ్చిన జవాబు అది. తద్దినం నెల రోజుల్లోపే ఉండి కూడా "ఇంకా పెట్టలేదు" అని చూపిస్తే నాకు మెయిల్ చేయండి.

పాత పద్ధతిలో అయిదూ విడివిడిగా కావాలంటే సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. అప్పుడు 39 అలర్ట్లు వారం రోజులు దాటగానే అయిపోతాయి, వారానికోసారి యాప్ తెరవాల్సిందే. ఆ స్విచ్ తీసేద్దామని నేను, ఉంచుదామని మా అబ్బాయి. ప్రస్తుతానికి ఉంచాం.