రొయ్యలు పడనివారికి ఉసిళ్లూ పడకపోవచ్చు

సంపాదకులు గారికి,

తొలకరి పడితే మా టెక్కలి వైపు దీపాల చుట్టూ ఉసిళ్లు మూగుతాయి. రెక్కలు రాల్చి, వేయించి, మరమరాలతో తింటాం. మాంసకృత్తులు, కొవ్వు దండిగా ఉన్న తిండి. రుచి సంగతి చెప్పక్కర్లేదు!

మొన్న మా మేనల్లుడు గుప్పెడు తిన్నాడు. పావుగంటలో పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు. వాడికి రొయ్యలు పడవు. రొయ్యల్లో ఎలర్జీ తెచ్చే ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్‌ను పోలినదే పురుగుల్లోనూ ఉంటుంది. వేయించినా అది పూర్తిగా పోదు.

గుడ్ల అట్టలు పేర్చిన పెట్టెల్లో, దాణా వేసి శుభ్రంగా పెంచే కీచురాళ్లయినా అంతే. వాటి పొడి కలిపిన తినుబండారాలు అమ్మేవాళ్లు రొయ్యలు పడనివారు తినవద్దని ప్యాకెట్‌పై తెలుగులో రాయాలి. తిన్నాక గొంతు బిగిసినా, ఆయాసం వచ్చినా ఇంటి వైద్యాలు మాని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

– ఒక పాఠకుడు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా