కార్ట్‌లో ఒక ధర, కట్టేటప్పుడు ఇంకో ధర: లెక్క ఇదీ

"కార్ట్‌లో 627 చూపించింది. డబ్బు కట్టే దగ్గర 790 అడుగుతోంది. ఈ 163 రూపాయలు ఎక్కడివండీ?"

మా ఆన్‌లైన్ దుకాణానికి ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఆర్డరు ఇది. అరకిలో ఆవకాయ సీసాలు రెండు, ఒక్కోటి 240. అప్పడాల ప్యాకెట్లు రెండు, ఒక్కోటి 120. కూపన్ 10 శాతం. మూడు చోట్ల తేడా వచ్చింది: పన్ను 22.86, చెల్లకుండా పోయిన కూపన్ 69.71, డెలివరీ 70.

ముందు పన్ను సంగతి. సీసా మీద ముద్రించిన 240 ఎమ్మార్పీలో జీఎస్టీ కలిసే ఉంటుంది. ఊరగాయలకు 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం, అంతకుముందు 12. అప్పడాలకు పన్నే లేదు. పన్ను తీసేస్తే సీసా ధర 228.57. కార్ట్ ఆ ధర చూపించి, పన్నును చివరి పేజీలో కలుపుతుండేది. అందుకే కూపన్‌కు ముందు మొత్తం 720 ఉండాల్సింది 697.14గా కనిపించింది. ఇప్పుడు ఆ పద్ధతి తీసేశాం. కార్ట్‌లోనే 240 కనిపిస్తుంది. బిల్లు కింద పన్ను పేరుతో వచ్చే వరుస ఆ 240 లోపలిదే, పైన వేసేది కాదు. ఏ దుకాణంలోనైనా ఎమ్మార్పీ మీద మళ్లీ జీఎస్టీ వేస్తే కట్టనవసరం లేదు, చట్టం ఒప్పుకోదు. డెలివరీ చార్జీ వేరుగా తీసుకోవచ్చు గానీ, దాన్నీ కలిపి మొత్తం ఎంతో, అందులో ఏది ఎంతో చూపించి తీరాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి.

మేం బరంపురం నుంచి పంపుతాం కాబట్టి ఒడిశాలోని వారికి బిల్లులో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండున్నర చొప్పున రెండు వరుసలు వస్తాయి. ఇచ్ఛాపురం దగ్గరి ఊరే అయినా రాష్ట్రం వేరు, అందుకని ఐజీఎస్టీ 5 అని ఒకే వరుస వస్తుంది. సరిహద్దు దాటినంత మాత్రాన పన్ను పైసా పెరగదు.

ఇక కూపన్. దాన్ని సాఫ్ట్‌వేర్ రెండుసార్లు తనిఖీ చేస్తుంది: మీరు కార్ట్‌లో వేసినప్పుడు ఒకసారి, ఆర్డరు ఖాయం చేసే బటన్ నొక్కినప్పుడు మరోసారి. గడువు ముగిసే రాత్రి పదకొండున్నరకు కూపన్ వేసి, ఇంట్లోవాళ్లని అడిగి, పన్నెండు దాటాక నొక్కితే అది చెల్లదు. ఇంకో చిక్కు కూడా ఉంది. మేం వాడే WooCommerce సాఫ్ట్‌వేర్‌లో గడువు 15 అని పెడితే, 15వ తేదీ మొదలయ్యే క్షణానికే, అంటే 14 రాత్రి పన్నెండుకే కూపన్ ఆగిపోతుంది. 15న రోజంతా ఉంటుందని ఎవరైనా అనుకుంటారు, అలా అనుకోవడమే న్యాయం. అందుకే ఇకపై చివరి రోజు 15 అని ప్రకటిస్తే, లోపల 16 పెడతాం. కూపన్ పక్కనే "15 రాత్రి 12 వరకు" అని రాస్తాం. కూపన్ పోతే పన్ను వరుస కూడా కొంచెం పెరుగుతుంది, ఎందుకంటే పన్ను పడేది తగ్గింపు పోను మిగిలిన ధర మీద. పై ఆర్డరులో కూపన్ ఉంటే ఆవకాయ మీద పన్ను 20.57, లేకపోతే 22.86. ఇది చూసి రేటు పెంచామనుకోవద్దు.

డెలివరీ చార్జీ పిన్‌కోడ్ తెలిస్తే తప్ప తేలదు. ఇన్నాళ్లూ చిరునామా పేజీలో అడిగేవాళ్లం. ఇప్పుడు కార్ట్ పైనే ఒక గడి పెట్టాం. అందులో 532312 అని కొడితే 70 అక్కడే కనిపిస్తుంది. ఈ 70లో కూడా పన్ను కలిసే ఉంది.

అప్పడాలు ఏం బరువని అడుగుతుంటారు. కొరియర్లు అసలు బరువు, పెట్టె పరిమాణం రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికే తీసుకుంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం మామూలు లెక్క. 30, 25, 20 ఉన్న పెట్టె 3 కిలోల కింద లెక్కకొస్తుంది, లోపల రెండు కిలోలు లేకపోయినా సరే. అప్పడాలు విరక్కుండా పెద్ద పెట్టె వాడక తప్పదు. ఆవకాయ మాత్రమే తీసుకుంటే చిన్న పెట్టెలో వెళ్తుంది, చార్జీ తగ్గుతుంది.

ఆర్డరు పెట్టేటప్పుడు ముందు పిన్‌కోడ్ కొట్టండి, తర్వాత కూపన్ వేయండి, మొత్తం చూసుకుని బటన్ నొక్కండి. యూపీఐ యాప్‌లో వచ్చిన అంకె కార్ట్‌లో మొత్తంతో సరిపోకపోతే పిన్ కొట్టకుండా వెనక్కి రండి. కొత్త అమరికకు ముందు నింపి వదిలేసిన కార్ట్‌లు ఉంటే ఖాళీ చేసి మళ్లీ నింపండి, వాటిలో పాత ధరలే కనిపించవచ్చు.