చేపల వేట తీసేశాం, తోట తీయలేదు

"అన్నా, చెరువులో చేపలు పట్టొచ్చంటేనే కదా ముందే డబ్బులు కట్టింది. ఇప్పుడు తీసేస్తే ఎట్లా?"

మేం తయారుచేస్తున్న తోట ఆటను ముందే కొన్నవాళ్లు అడుగుతున్న మాట ఇది. ఆటలో కోడ్, డిజైన్ డాక్యుమెంట్ నావి, బొమ్మలు మా చెల్లెలివి. చెరువు బొమ్మ ఒక్కటే బయటి ఆర్టిస్టుకు ఇచ్చాం, అడ్వాన్స్ కూడా తీసుకున్నాడు. పక్కపక్కన పేర్చే బొమ్మ ముక్క, అంటే ప్రతి టైల్ 16 పిక్సెళ్ల వెడల్పు, 16 ఎత్తు అని డాక్యుమెంట్ మొదటి పేజీలోనే ఉంది. అతను పెద్దగా గీసి, కుదించి పంపాడు. మామూలుగా చూస్తే బాగానే ఉంటాయి. జూమ్ చేస్తే గట్టు అంచంతా మసక. పక్కపక్కన పేరిస్తే మధ్యలో సన్నటి గీత. సరిచేయమంటే "ఫోన్లో ఎవరు చూస్తారు" అన్నాడు, ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. ఆ మాట నాకింకా మండుతోంది. తోతాపురి కాయ ముక్కు సరిగ్గా వంగాలని ఒక్క పిక్సెల్ కోసం గంటలు కూర్చునే పిల్ల మా చెల్లెలు. రెడీమేడ్ బొమ్మలు కొనుక్కోమని కొందరు చెప్పారు. మేం చూసినవాటిలో మామిడికాయ గుండ్రంగా ఉంది. కొనం.

మళ్లీ మేమే గీసేవాళ్లం. గీసే ముందు డిజైన్ డాక్యుమెంట్‌లో చేపల పేజీ తీసి లెక్క వేస్తే అసలు చిక్కు అక్కడ కనిపించింది. ఆట మొదట్లో మీ చేతిలో 200 నాణేలుంటాయి. శనక్కాయ విత్తనం 20, ఆరు రోజులకు పంట, అమ్మితే 45. పది మళ్లు వేస్తే ఆరు రోజులకు 250 లాభం, అంటే రోజుకు నలభై చిల్లర. చేప 30కి అమ్ముడుపోతే, రోజుకు పది పడితే 300. పైగా విత్తనం ఖర్చు లేదు, ఎదురుచూపు లేదు. ఇక మడి ఎవరు దున్నుతారు? చేప ధర 4కి దించితే పది చేపలకు 40 వస్తుంది, లెక్క సరిపోతుంది. కానీ అంత కష్టపడి గాలం లాగితే నాలుగు నాణేలా అని మీకే విసుగొస్తుంది. చేపను అమ్మకుండా వండుకునేలా పెట్టొచ్చు. దానికి వంటిల్లు, వంటకాలు, అవి తినేవాళ్లు, వాళ్ల మాటలు కావాలి. అది ఇంకో ఆటంత పని, మేం ఇద్దరమే.

ఈ ఒక్క పేజీ కోసం ఇంట్లో చాలా గొడవపడ్డాం. చెల్లెలు చెరువు కావాలంది. చివరికి చెరువు ఉంచాం, గాలం తీశాం. మళ్లకు నీళ్లు అక్కడి నుంచే తోడుకోవాలి. అంచులు తనే మళ్లీ గీస్తోంది.

పన్నెండు పంటలు, మామిడి తోట, పుంగనూరు ఆవు చెప్పినట్టే ఉంటాయి. చేపల కోసమే కొన్నవాళ్లు మెసేజ్ పెట్టండి, పూర్తి డబ్బులు వెనక్కి వేస్తాం, కారణం అడగం. తర్వాతి అప్‌డేట్‌లో చేపలు వస్తాయని మాత్రం మాట ఇవ్వను. వంటిల్లు పేజీ రాసి, అందులో లెక్క కుదిరాకే చెప్తాను.